రెండో జవాబు రాని ప్రశ్న
(వ్యాకరణ పరీక్షకు కొత్తగా ప్రశ్నలు రాస్తున్న తమ్ముడికి)

గుంటూరు

తమ్ముడూ,

మధ్యమ స్థాయి తెలుగు పరీక్ష కోసం నువ్వు రాసి పంపిన ప్రశ్నలన్నీ చదివాను. తప్పు దిద్దే ప్రశ్నలైనా, వాక్యాలు వరుసలో పెట్టే ప్రశ్నలైనా చెడేది ఒక్కచోటే. నువ్వు కీలో రాసుకున్న జవాబు కాకుండా ఇంకో సరైన జవాబు కూడా దొరుకుతుంది. పదాల వరుస మార్చినా అర్థం చెడని భాష కాబట్టి తెలుగులో ఈ చిక్కు ఎక్కువ. అందుకే ఈ ఉత్తరమంతా దాని గురించే.

ముందు తప్పు దిద్దే ప్రశ్న సంగతి. నువ్వు ఇచ్చిన వాక్యం ఇది: "నేను ఇంటికి వెళ్ళి వర్షం పడింది." ఎంచుకున్న తప్పు మంచిదే. "వెళ్ళి" లాంటి క్త్వార్థకం వాడినప్పుడు రెండు పనులకూ కర్త ఒకరే ఉండాలి. "నేను ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను" అనవచ్చు. వెళ్ళింది నేను, పడింది వర్షం అయినప్పుడు అది కుదరదు. చిన్న పేరా రాయగలిగిన స్థాయి పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే, కాబట్టి ప్రశ్న స్థాయికి తగినదే. చిక్కంతా కీలో ఉంది. నువ్వు "వెళ్ళాక" ఒక్కటే రాశావు. ఒక పిల్ల "వెళ్ళేసరికి" అని, ఇంకొకడు "వెళ్తుంటే" అని, మరొకరు "వెళ్ళినప్పుడు" అని రాస్తారు. అర్థంలో కొద్ది తేడా ఉన్నా అన్నీ మంచి తెలుగే. కీ పట్టుకుని దిద్దే మాస్టారు వాటికి సున్నా వేస్తే అన్యాయమైపోయేది పిల్లలే.

దీనికి రెండు దారులున్నాయి. ప్రశ్నను రాయించేదిగానే ఉంచితే కీలో ఒక్క మాట కాకుండా సూత్రం రాయి: "కర్తలు వేరైనప్పుడు చెల్లే ఏ రూపమైనా సరే" అని, కింద నాలుగైదు ఉదాహరణలతో. అలా కాదంటే ఎంపిక ప్రశ్నగా మార్చు. "వెళ్ళి, వెళ్తూ, వెళ్ళాక, వెళ్ళడానికి" అని ఇస్తే మూడోది తప్ప ఏదీ అతకదు. దిద్దేవాళ్ళు ఒకరికంటే ఎక్కువమంది ఉంటే నేను రెండో దారే పడతాను.

కర్త ఒకరే ఉండాలన్న సూత్రానికి మినహాయింపులున్నాయి, అవి గుర్తుంచుకోవాలి. "వర్షం పడి మిరప దెబ్బతింది" అనేది మన గుంటూరులో ఏ రైతైనా అనే మాట. కర్తలు వేరు, అయినా తప్పు కాదు, ఎందుకంటే మొదటి పని రెండోదానికి కారణం. "ఆయన ఊరు వెళ్ళి వారం అయింది" కూడా అంతే. కాబట్టి క్త్వార్థకం మీద తప్పు పెట్టేటప్పుడు మొదటి పని రెండోదానికి కారణమయ్యే వాక్యాలనూ, కాలం గడిచిందని చెప్పే వాక్యాలనూ పక్కన పెట్టెయ్.

ఇక రెండో వాక్యం: "ప్రతి విద్యార్థులు తమ పుస్తకాలు తెచ్చుకోవాలి." "ప్రతి" తర్వాత ఏకవచనం రావాలన్నది నీ ఉద్దేశం. అయితే "ప్రతి విద్యార్థి" అని మార్చగానే "తమ"ను కూడా "తన" చెయ్యాలా అన్న ప్రశ్న పుడుతుంది. "ప్రతి" తీసేసి "విద్యార్థులందరూ" అన్నా వాక్యం నిలబడుతుంది. ఒక తప్పుకి మూడు మరమ్మతులన్నమాట. "ప్రతి విద్యార్థులు పరీక్ష రాయాలి" అని పొట్టిగా రాసి, "విద్యార్థులు" కింద గీత గీసి, "గీత గీసిన మాటను మాత్రమే మార్చండి" అని సూచన ఇస్తే ఆ గొడవ ఉండదు. గీత ఉన్నప్పుడు తప్పును పట్టే పని మనమే చేసిపెట్టినట్టు, కాబట్టి ఆ ప్రశ్నకు ఒక్క మార్కు చాలు. తప్పు పట్టడం కూడా పరీక్షించాలంటే వాక్యంలో నాలుగు చోట్ల గీతలు గీసి, పట్టినందుకు ఒకటి, దిద్దినందుకు ఒకటి వెయ్యి.

మాండలికాన్ని మాత్రం ఎప్పుడూ తప్పుగా పెట్టకు. "వచ్చినాడు", "వచ్చాడు" రెండూ సరే. "నుంచి, నుండి" కూడా అంతే. మన కృష్ణా, గుంటూరు వాడుకే ప్రమాణమనుకుని మరో జిల్లా పిల్లవాడి ఇంటి భాషకు మార్కు కోయడం వ్యాకరణ పరీక్ష పని కాదు.

వరుస ప్రశ్నలకు వస్తే, మాటలు కలిపి వాక్యం చెయ్యమనే రకం దాదాపు వదిలెయ్యి. "నిన్న, అన్నయ్య, గుంటూరు నుంచి, మిరపకాయలు, తెచ్చాడు" అని ఇచ్చావు. క్రియను చివర ఉంచితే మిగిలిన నాలుగూ 24 రకాలుగా అమరుతాయి. ఏదో ఒకదాన్ని నొక్కి చెప్పడం తప్ప వాటిలో తప్పన్నది లేదు. వాక్యాలను కలిపి పేరా చేసే ప్రశ్నే మనకు నిలుస్తుంది. అందులో నువ్వు రాసినది ఇది:

క. విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా 1855 నాటికి ఆనకట్ట కట్టారు.
ఖ. దాని వల్ల డెల్టా కాలువలకు నీరు అందింది.
గ. కాని చివరికి అది తెగిపోయింది.
ఘ. అందుకని బ్యారేజీ కట్టి 1957లో పూర్తి చేశారు.
ఙ. దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు.

క ఖ గ ఘ ఙ అన్నది నీ కీ. కాని క గ ఘ ఖ ఙ అని చదివి చూడు. బ్యారేజీ వల్ల కూడా నీరు అందుతుంది కాబట్టి అదీ సరిగ్గానే ఉంది. క గ ఘ ఙ ఖ అన్నా అతుకుతుంది. "దాని", "అది" ఏ నామానికైనా అంటుకునే మాటలు కావడమే ఇందుకు కారణం. పైగా సంవత్సరాలు ఉండటంతో పిల్లవాడు అంకెలు చూసి క ముందు, ఘ తర్వాత అని పెట్టేస్తాడు. అక్కడ మనం కొలిచేది భాషను కాదు. ఇలా మార్చు:

క. పూర్వం విజయవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా ఒక ఆనకట్ట కట్టారు.
ఖ. ఆ ఆనకట్ట మళ్ళించిన నీటితో డెల్టా పొలాలు దాదాపు వందేళ్ళు పండాయి.
గ. అన్నాళ్ళు నిలిచిన కట్ట చివరికి తెగడంతో కొత్త కట్టడం అవసరమైంది.
ఘ. ఆ అవసరం తీర్చడానికే బ్యారేజీ నిర్మించారు.
ఙ. ఆ బ్యారేజీకి ప్రకాశం పంతులు పేరు పెట్టారు.

ఇప్పుడు ప్రతి వాక్యం వెనకదాన్ని పట్టుకునే ఉంది. "బ్యారేజీ, ఆ బ్యారేజీ" లాంటి లంకెను మాటలు పోల్చి కూడా పట్టేయవచ్చు, అందుకే "వందేళ్ళు, అన్నాళ్ళు" లాంటి అర్థం మీద నడిచే లంకె ప్రతి పేరాలో ఒకటైనా ఉండేట్టు చూసుకో. పేపర్లో అక్షరాలు మార్చి కలిపి ఇస్తావు కదా, ఆ కలపడంలో పక్కపక్కన రావలసిన రెండు వాక్యాలు పక్కనే పడకుండా చూడు.

మార్కులు స్థానాన్ని బట్టి కాకుండా లంకెలను బట్టి వెయ్యి. ఐదు వాక్యాలకు నాలుగు లంకెలు, లంకెకు ఒక మార్కు. ఒకడు ఖ గ ఘ ఙ క అని రాశాడనుకో. స్థానాలు చూస్తే ఒక్కటీ సరిగ్గా లేదు, సున్నా వస్తుంది. నిజానికి వాడు మూడు లంకెలు పట్టాడు, మొదలు ఎక్కడో తెలియలేదంతే. వాడికి మూడు రావాలి.

ప్రశ్నలు అచ్చుకు ఇచ్చేముందు కీ చూపించకుండా తెలుగు బాగా తెలిసిన ఐదారుగురి చేత రాయించు. వాళ్ళలో ఒక్కరు వేరే జవాబు రాసి, అది ఎందుకు సరైనదో చెప్పగలిగితే వాదించకు, ప్రశ్న మార్చు. ఆ తర్వాత ముప్ఫైమంది పిల్లల మీద ప్రయోగించి, మొత్తం మార్కుల్లో పైన ఉన్న పదిమందినీ, కింద ఉన్న పదిమందినీ ప్రతి ప్రశ్న దగ్గరా పోల్చు. ఏదైనా ప్రశ్నను పైవాళ్ళకంటే కిందివాళ్ళే ఎక్కువమంది సరిగ్గా చేస్తే, ముందు నీ కీని అనుమానించు. చాలాసార్లు పైవాళ్ళు రాసిన ఆ "తప్పు" జవాబులోనే నీకు తట్టని రెండో జవాబు కనిపిస్తుంది.

మార్చిన ప్రశ్నలు మళ్ళీ పంపు, ఈసారి కీ వేరే కాగితం మీద పెట్టి పంపు. ముందు నేను రాసి చూస్తాను.

ఆశీస్సులతో,
అక్కయ్య