గడువు దాటాక డబ్బు కోత పడటం, గ్రేస్ పీరియడ్‌లో రద్దు చేస్తే జరిగేది

ప్రశ్న: "ఐఫోన్‌లో పిల్లల పాఠాల యాప్‌కి నెలకు రూ.299. జూన్ 5న ఖాతాలో డబ్బు లేక చెల్లింపు విఫలమైంది. అయినా యాప్ పనిచేసింది. 12న జీతం పడగానే రూ.299 పోయింది. ఇది ఆలస్య రుసుమా? గ్రేస్ పీరియడ్‌లోనే రద్దు చేసి ఉంటే యాప్ ఎప్పటిదాకా వచ్చేది?"

అది ఆలస్య రుసుము కాదండీ. 5వ తేదీ బిల్లే 12న వసూలైంది. చెల్లింపు ఒకసారి విఫలమైతే యాపిల్ ఊరుకోదు, 60 రోజుల వరకు మధ్యమధ్యలో మళ్లీ ప్రయత్నిస్తూనే ఉంటుంది. ఖాతాలో డబ్బు ఉన్న రోజు జరిగిన ప్రయత్నం ఫలిస్తుంది. జీతం పడిన రోజే కోత పడినట్టు అనిపించడానికి కారణం ఇదే. మీరు చూడాల్సింది మొత్తం సరిగ్గా రూ.299 ఉందా లేదా అన్నదే. ఉంటే అదనంగా ఏమీ పోలేదు.

నెలవారీ చందాలకు యాప్ కంపెనీ 3, 16 లేదా 28 రోజుల గ్రేస్ పీరియడ్, అంటే డబ్బు అందకపోయినా యాప్ నడవనిచ్చే గడువు, ఎంచుకోవచ్చు, అసలు ఇవ్వకపోనూ వచ్చు. మీకు 5 తర్వాత కూడా యాప్ పనిచేసింది కాబట్టి ఇచ్చారన్నమాట. 16 రోజులే అనుకుందాం. ఆ లోపు డబ్బు అందితే పాత తేదీ మారదు, కాబట్టి తర్వాతి బిల్లు జూలై 5నే వస్తుంది. అంటే జూన్ 12న ఒక కోత, 23 రోజులకే ఇంకొకటి. ఇది చూసి "నెల తిరగకుండానే రెండుసార్లు తీశారు" అని చాలామంది కంగారుపడతారు. మా ఇంట్లోనూ ఇదే గొడవ జరిగింది. నిజానికి 5 నుంచి 12 వరకు వాడుకున్న రోజులు ఆ మొదటి కోతలోనే ఉన్నాయి. గ్రేస్ ముగిసి యాప్ ఆగిపోయాక, జూన్ 25న డబ్బు అందిందనుకోండి, అప్పుడు నెల 25 నుంచి కొత్తగా మొదలై తర్వాతి బిల్లు జూలై 25కు మారుతుంది. మీది ఏ కోవలోకి వస్తుందో తెలియాలంటే సెట్టింగ్స్‌లో మీ పేరు నొక్కి Subscriptions తెరవండి. అక్కడి తర్వాతి తేదీ చూస్తే సందేహం తీరిపోతుంది.

నిజమైన ఆలస్య భారం పడేది వేరేచోట. అప్పు వాయిదాలాంటివి బ్యాంకు నాచ్ మ్యాండేట్ మీద, అంటే ఖాతా నుంచి నేరుగా వసూలు చేసుకోవడానికి మీరిచ్చిన అనుమతి మీద నడిచినప్పుడు, డబ్బు లేక మ్యాండేట్ వెనక్కి వస్తే బ్యాంకు దానికి రుసుము, మీద జీఎస్‌టీ తీసుకుంటుంది. మళ్లీ పంపితే, మళ్లీ వెనక్కి వస్తే ఇంకోసారి పడవచ్చు. అందుకే ఖాతా వివరాల్లో రూ.299 కాకుండా విడిగా ఏదైనా వరుస కనిపిస్తే బ్యాంకునే అడగండి. యాప్ వాళ్లను అడిగి లాభం లేదు.

ఇక రద్దు సంగతి. డబ్బు కట్టిన నెల మధ్యలో రద్దు చేస్తే మిగిలిన రోజులు మీవే. ఇప్పుడు రద్దు చేసినా జూలై 5 వరకు యాప్ వస్తుంది. కట్టింది 12న కదా అని జూలై 12 వరకు అనుకోకండి. గ్రేస్ పీరియడ్‌లో మాత్రం పరిస్థితి వేరు. కట్టిన నెల అప్పటికే అయిపోయింది, నడుస్తున్నది కంపెనీ ఇచ్చిన వెసులుబాటు మాత్రమే. అప్పుడు రద్దు చేస్తే తిరిగి ప్రయత్నించడం ఆగిపోతుంది, ఆ రూ.299 పోదు. కానీ మీకు మిగిలిన రోజులంటూ ఏమీ ఉండవు. మా అమ్మాయి సంగీతం యాప్ రద్దు చేసిన సాయంత్రానికే పాఠాలన్నిటికీ తాళం గుర్తు పడింది. మా తమ్ముడి వార్తల యాప్ మాత్రం గ్రేస్ చివరిదాకా తెరుచుకుంది. వెంటనే మూయాలా, ఆగాలా అన్నది యాప్‌ను బట్టి ఉంటుంది కాబట్టి, వెంటనే మూసేస్తారనే అనుకుని ముందే పిల్లవాడి నోట్సు, మార్కుల పేజీలు దించుకోండి. మా పాప సాధన రికార్డింగులు నాకు ముఖ్యం, వాటిని ముందుగా దాచుకున్నాకే రద్దు నొక్కాను.

రద్దు చేసేటప్పుడు యూపీఐ యాప్‌లో ఆటోపే తీసేసి ఊరుకోవద్దు. చందా అలాగే బతికి ఉంటుంది. మీ యాపిల్ ఖాతాలో వేరే చెల్లింపు పద్ధతి ఉంటే దాని నుంచి వసూలు కావచ్చు. ఫోనులోంచి యాప్ తొలగించినా అంతే. ముందు Subscriptions లో రద్దు చేసి, అక్కడ గడువు ముగిసినట్టు లేదా ముగిసే తేదీ కనిపించాక ఆటోపే తీసేయండి. అదే రోజు ఏదైనా ప్రయత్నం నడుస్తూ ఉండవచ్చు కాబట్టి మర్నాడు కొనుగోళ్ల చరిత్ర ఒకసారి చూడండి. రద్దు తర్వాత కూడా కోత కనబడితే ఆ రశీదు పట్టుకుని reportaproblem.apple.com లో వాపసు అడగవచ్చు.