ఓనర్ జీఎస్టీ కట్టినా నాకు క్రెడిట్ ఎందుకు పడలేదు

ప్రశ్న: షాపు అద్దె మీద నెలనెలా 18% జీఎస్టీ కలిపి ఓనర్‌కు ఇస్తున్నాను. ఆయన రశీదు మాత్రమే ఇస్తారు. నేను కట్టే జీఎస్టీలో దాన్ని తగ్గించుకునే క్రెడిట్ కావాలంటే సరైన బిల్లు ఉండాలని మా అకౌంటెంట్ అంటున్నాడు. గొడవ కాకుండా ఎలా అడగాలి?

అడిగే ముందు ఒక పని చేయండి. ఓనర్ జీఎస్టీ నంబరు తీసుకుని జీఎస్టీ పోర్టల్‌లో Search Taxpayer దగ్గర కొట్టండి. దానికి లాగిన్ కూడా అక్కర్లేదు. పేరు ఆయనదేనా, నంబరు Active లో ఉందా, Regular అని ఉందా Composition అని ఉందా చూడండి. ఆయన ఏ నెల వరకు రిటర్న్ వేశారో కూడా అక్కడే తెలుస్తుంది. Composition అని ఉంటే, అంటే చిన్న వ్యాపారుల తక్కువ రేటు పథకంలో ఉంటే, మీ దగ్గర జీఎస్టీ వసూలు చేసే హక్కే ఆయనకు లేదు. Regular అని ఉండి రిటర్నులు సక్రమంగా వేస్తూ ఉంటే మీ పని సగం అయినట్టే. నాకు జరిగింది సరిగ్గా అదే.

మాది ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. అద్దె 40,000, దాని మీద జీఎస్టీ 7,200, మొత్తం 47,200 ప్రతి నెలా బ్యాంకు ద్వారానే పంపేవాణ్ణి. ఓనర్ పెద్దాయన, మాట మీద నిలబడే మనిషి. రశీదు పుస్తకంలో 'జీఎస్టీ సహా అద్దె ముట్టినది' అని రాసి, సంతకం పెట్టి ఇచ్చేవారు. మార్చి దాటాక లెక్కలు సరిచూస్తుంటే, ఆ ఏడాది అద్దెకు సంబంధించి మా GSTR-2B లో, అంటే మాకు అమ్మినవాళ్లు చూపించిన బిల్లులతో పోర్టల్ నెలనెలా తయారుచేసే లిస్టులో, ఒక్క ఎంట్రీ కూడా లేదని మా అకౌంటెంట్ తేల్చాడు. ఏడాదికి 86,400 రూపాయలు. మా షాపు లాభంలో అది చిన్న మొత్తం కాదు.

"బాబాయ్‌గారూ, మీరు తీసుకున్న జీఎస్టీ గవర్నమెంటుకి కట్టారా?" అని అడిగితే ఆయనకు కోపం వచ్చింది. ఎవరికైనా వస్తుంది. లోపలికి వెళ్లి చలానాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఒక్క రూపాయి దాచుకోలేదు, చూసుకో" అన్నారు. నిజంగానే పైసాతో సహా కట్టారు. మరి క్రెడిట్ ఎటు పోయింది? ఆయన అకౌంటెంట్‌కు ఫోన్ చేస్తే విషయం బయటపడింది. కాంప్లెక్స్‌లోని షాపుల అద్దెలన్నీ కలిపి ఒకే మొత్తంగా, B2CS కింద చూపిస్తున్నాడట. అంటే జీఎస్టీ నంబరు లేని మామూలు కస్టమర్లకు ఇచ్చిన సర్వీసు అన్నట్టు. ట్యాక్స్ గవర్నమెంటుకి చేరింది, కానీ అది నా తరఫున వచ్చిందని చెప్పే గుర్తు ఎక్కడా లేదు. ఓనర్ వేసే అమ్మకాల రిటర్న్ GSTR-1 లో నా నంబరుతో, బిల్లు నంబరుతో, జీఎస్టీ నంబరు ఉన్నవాళ్ల లెక్క అయిన B2B కింద చూపిస్తేనే అది నా 2B లోకి వస్తుంది. 2B లో లేకపోతే చేతిలో ఎంత చక్కటి బిల్లు ఉన్నా క్రెడిట్ రాదు. 2022 జనవరి నుంచి నడుస్తున్న రూలు ఇది.

అందుకే మీకు చెప్పేది ఒకటే. 'బిల్లు ఇవ్వండి' అని మాత్రం అడిగి ఊరుకోకండి. 'నా జీఎస్టీ నంబరు వేసి బిల్లు రాయండి, దాన్ని GSTR-1 లో B2B కింద చూపించండి' అని అడగండి. ఆ రెండో ముక్క ఓనర్‌కు కాదు, ఆయన అకౌంటెంట్‌కు చెప్పాలి. ఇద్దరు అకౌంటెంట్లను ఫోన్‌లో కలిపేయండి. మా దగ్గర గొడవ చల్లారింది అలాగే.

పాత నెలలు ఎలా సరిచేశారంటే, ముందు నెలనెలకూ వరస నంబర్లతో బిల్లులు రాయించాం. తర్వాత వేసిన GSTR-1 లో పాత B2CS మొత్తాల్లోంచి మా అద్దె తగ్గించి, అవే మొత్తాలను మా నంబరుతో B2B లో చేర్చారు. ఇటు తగ్గింది, అటు పెరిగింది కాబట్టి ఓనర్ కొత్తగా కట్టాల్సిన ట్యాక్స్ ఏమీ లేదు. ఆయనకు అర్థం కావాల్సింది ఈ ఒక్క మాటే. అది తెలిశాక ఆయనే అకౌంటెంట్‌ను తొందరపెట్టారు. అయితే దీనికి గడువుంది. ఒక ఆర్థిక సంవత్సరం బిల్లుల మీద క్రెడిట్ ఆ తర్వాత వచ్చే నవంబరు 30 లోపు తీసుకోవాలి. ఈలోగా వార్షిక రిటర్న్ వేసేస్తే గడువు అప్పుడే ముగుస్తుంది.

బిల్లు అనగానే ఓనర్లకు టెన్షన్ ఎందుకో నాకు అర్థం కాదు. కంప్యూటర్ అక్కర్లేదు, చేత్తో రాసినా చెల్లుతుంది. ఈ-ఇన్వాయిస్ గోల 5 కోట్ల టర్నోవర్ దాటిన వాళ్లకే. ఇద్దరి పేర్లు, చిరునామాలు, జీఎస్టీ నంబర్లు, బిల్లు నంబరు, తేదీ, ఏ నెల అద్దె, 997212 అనే సర్వీసు కోడ్, 40,000 విలువ, సీజీఎస్టీ 3,600, ఎస్‌జీఎస్టీ 3,600, చివర సంతకం. ఇంతే. 'జీఎస్టీ సహా 47,200' అని ఒకే ముక్కలో రాస్తే మాత్రం ఒప్పుకోవద్దు, ట్యాక్స్ విడిగా కనిపించాలి.

నన్నడిగితే బిల్లు ఇవ్వని ఓనర్లలో మోసగాళ్లు తక్కువ, సగం అద్దె క్యాష్‌లో అడిగేవాళ్లే ఎక్కువ. అగ్రిమెంటులో 20,000 రాసి మిగతా 20,000 చేతికివ్వమంటారు. అప్పుడు బిల్లు కూడా 20,000కే వస్తుంది, క్రెడిట్ 3,600 దగ్గరే ఆగిపోతుంది. క్యాష్‌గా ఇచ్చినదాన్ని ఖర్చు కింద చూపించడానికీ కాగితం ఉండదు. అద్దె కాస్త తగ్గిస్తానన్నా ఇలాంటి షాపు తీసుకోకండి.

ఇక Search Taxpayer లో అసలు ఓనర్ నంబరే దొరకలేదనుకోండి. అప్పుడు బిల్లు కోసం ఆయన వెంట పడి లాభం లేదు, జీఎస్టీ పేరుతో ఆయనకు ఒక్క రూపాయి కూడా ఇవ్వద్దు. ఏడాది మొత్తం టర్నోవర్ 20 లక్షలు దాటని ఓనర్ రిజిస్టర్ అవ్వనక్కర్లేదు, నంబరు లేనివాళ్లు ట్యాక్స్ వసూలు చేయకూడదు. 2024 అక్టోబరు 10 నుంచి ఇలాంటి షాపు అద్దె మీద ట్యాక్స్ రివర్స్ ఛార్జ్ కింద మీరే కట్టాలి. బిల్లు కూడా మీ పేరుతో మీరే రాసుకోవాలి, 30 రోజుల లోపు. మీరు ట్యాక్స్ కట్టే రిటర్న్ GSTR-3B లో 3.1(d) దగ్గర 7,200 చూపించి కట్టి, అదే రిటర్న్‌లో 4(A)(3) దగ్గర క్రెడిట్ తీసుకోవచ్చు. ఆ 7,200 మాత్రం పోర్టల్‌లో మీరు డబ్బు జమ చేసే క్యాష్ లెడ్జర్ నుంచే పోవాలి, మీ దగ్గర ఎంత క్రెడిట్ మిగిలి ఉన్నా దానితో కట్టనివ్వరు. ఇప్పటిదాకా ఓనర్‌కు ఇచ్చిన 18% ఆయన దగ్గర్నుంచి వెనక్కి అడగండి, లేదా రాబోయే అద్దెలో సర్దుకోమనండి.

రిజిస్టర్ అయిన ఓనర్ దగ్గర ఇప్పుడు మేం పెట్టుకున్న పద్ధతి ఇది. కొత్త అగ్రిమెంటులో అద్దె, జీఎస్టీ వేర్వేరుగా రాయించాం. అద్దె 5వ తేదీకి పంపిస్తాం. 14న 2B వస్తుంది. అందులో గత నెల బిల్లు కనిపించాక దాని మీది జీఎస్టీ 7,200 పంపిస్తాం. మీ ఓనర్ మూడు నెలలకోసారి రిటర్న్ వేసే రకమైతే, మొదటి రెండు నెలల బిల్లులు పోర్టల్‌లో అలాంటివాళ్ల కోసమే ఉన్న IFF లో నెలనెలా అప్‌లోడ్ చేయమని ఆయన అకౌంటెంట్‌తో ముందే మాట్లాడుకోండి. లేకపోతే మీ క్రెడిట్ కూడా మూడో నెల దాకా ఆగుతుంది.