కూతురికి రాసే ఉత్తరంలో ‘నువ్వు అందంగా ఉన్నావు’ అని రాయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు, పదో తరగతి. రోజూ సెల్ఫీలు తీసి, ముక్కూ మొహం తెలియని వాళ్లకు ఆన్‌లైన్‌లో పెట్టి ‘10కి ఎన్ని మార్కులు?’ అని అడుగుతోంది. తక్కువ వేస్తే ఆ పూట అన్నం తినదు. బాగున్నావే అంటే ‘నువ్వు అమ్మవి, అలాగే అంటావు’ అంటుంది. మాట్లాడితే గొడవే. అందుకే ఉత్తరం రాద్దామనుకుంటున్నాను. ఏం రాయాలి డాక్టర్ గారూ? ఫోన్ లాక్కోమంటారా?
– ఒక తల్లి, విజయనగరం

జవాబు: తప్పకుండా రాయండమ్మా. ఎదురుగా కూర్చుని చెబితే ఈ వయసు పిల్లలు ప్రతి మాటకీ అప్పటికప్పుడు జవాబు చెప్పాలనుకుంటారు, గొడవ అక్కడే మొదలవుతుంది. కాగితమైతే తలుపేసుకుని ఒక్కతే చదువుకుంటుంది. కాకపోతే అందులో ‘నువ్వు అందంగా ఉన్నావు’ అన్న మాట మాత్రం వద్దు. కన్నతల్లికి అది రాయకుండా ఉండటం కష్టమే. ఎందుకు వద్దంటున్నానో చెబుతాను.

ట్యూషన్ నుంచి వచ్చి ఫోటో పెట్టిందనుకోండి. ఎవరో 8 వేశారు. గుండె తేలికపడుతుంది. కాసేపటికే ‘జాలిపడి వేశారేమో’ అని అనుమానం మొదలవుతుంది. ఇంకో నలుగురి మార్కుల కోసం చూస్తుంది. వాళ్లలో ఒకడు 4 వేసి, ముక్కు పెద్దదంటాడు. ఇక ముందొచ్చిన 8 అబద్ధం, ఈ 4 ఒక్కటే నిజం అనిపిస్తుంది. దాన్ని చెరిపేయడానికి వేరే కోణంలో మరో ఫోటో. ఇది అందం గురించిన ఆరాటంలా కనిపిస్తుంది కానీ, లోపల జరుగుతున్నది భరోసా కోసం వెతుకులాట. భరోసా దొరికిన క్షణాన టెన్షన్ తగ్గుతుంది. అలా తగ్గింది కాబట్టే, మళ్లీ టెన్షన్ వచ్చినప్పుడు మెదడు అదే దారి చూపిస్తుంది. పైగా ఏ ఫోటోకి ఎంత వస్తుందో ముందు తెలియదు. ఎప్పుడు దొరుకుతుందో తెలియని మెప్పు, రోజూ దొరికే మెప్పు కంటే మనిషిని గట్టిగా పట్టుకుంటుంది.

మీరనే ‘బాగున్నావే’ కూడా ఆమె లెక్కలో మరో మార్కే. అమ్మ వేసింది కాబట్టి లెక్కలోకి రాని మార్కు. అందుకే మార్కులు వేసే వరుసలోంచి మీరు ముందు బయటికి రావాలి. ఉత్తరం ఇలా ఉండొచ్చు:

“బంగారం,

నువ్వు ఫోటోలు పెట్టి మార్కులు అడుగుతున్నావని నాకు తెలుసు. తిట్టడానికి రాయడం లేదు. అవతలివాళ్లకి ఎలా కనిపిస్తున్నానో అన్న దిగులు నీ వయసులో నాకూ ఉండేది. కాకపోతే నన్ను చూసింది మా వీధివాళ్లు, మా క్లాసువాళ్లు. నిన్ను చూసేవాళ్లెవరో నీకే తెలియదు. అంతమంది ముందు రోజూ నిలబడటం ఎంత కష్టమో కదా.

నేను నీకు మార్కులు వెయ్యను. 10కి 10 కూడా వెయ్యను. ఎలా ఉన్నానమ్మా అని నువ్వడిగితే, లోపల ఎలా ఉందమ్మా అని నేనడుగుతాను. కోపం రావచ్చు, అయినా అదే అడుగుతాను.

నేను కళ్లారా చూసినవి మాత్రం చెబుతాను. సిరిమానోత్సవం రోజు ఆ జనంలో తప్పిపోయిన పిల్లాడి చెయ్యి పట్టుకుని పోలీసుల దగ్గరికి తీసుకెళ్లావు. వాళ్లమ్మ వచ్చేదాకా అక్కడి నుంచి కదల్లేదు. లెక్క తప్పితే కొట్టేసి ఊరుకోవు, మొదటి నుంచి మళ్లీ చేస్తావు. నాన్నమ్మకి మోకాళ్లు నొప్పిగా ఉన్న రోజు ఎవరూ చెప్పకుండానే నీళ్లు నువ్వే తెస్తావు.

ఒక్కటే అడుగుతున్నాను. ఫోటో పెట్టాలనిపిస్తే తీసుకో, కానీ మర్నాడు సాయంత్రం దాకా పెట్టకు. ఆ మధ్యలో ఉండలేకపోతే నన్ను పిలు, పెద్దచెరువు వైపు నడిచొద్దాం. ఎవరైనా వేరే రకం ఫోటో అడిగినా, బెదిరించినా, అది ఏ అర్ధరాత్రి అయినా నన్ను లేపు. తప్పు నీదనను, ఫోన్ లాక్కోను.

– అమ్మ”

సిరిమాను సంగతి ఉదాహరణకు రాశాను. ఆ చోట మీరు మీ పిల్లలో నిజంగా చూసినవే రాయాలి, చిన్నవైనా ఫర్వాలేదు. ‘మంచి పిల్లవి, తెలివైన పిల్లవి’ అని రాస్తే అదీ తీర్పే అవుతుంది. జరిగింది జరిగినట్టు రాస్తే ఆమె కొట్టిపారేయలేదు, ఎందుకంటే అది తనకూ గుర్తుంటుంది.

మర్నాటి దాకా ఆగమన్నదే ఇందులో అసలు చికిత్స. మొదట్లో పెట్టాలన్న ఆరాటం బాగా పెరుగుతుంది, చిరాకు పడుతుంది. ఎవరి మార్కూ రాకుండానే ఆ ఆరాటం దానంతటదే దిగిపోవడం ఆమె స్వయంగా చూడాలి. ఒకరోజు ఆగలేకపోతే గంటతో మొదలుపెట్టి పెంచండి. మధ్యలో ఒకటి రెండుసార్లు పెట్టేసినా పెద్ద విషయం చేయకండి. ఫోన్ మాత్రం లాక్కోవద్దు. స్నేహితురాలి ఫోన్‌లో పెడుతుంది, పైగా ఎవరైనా బెదిరిస్తే మీకు చెప్పదు. అలాంటి బెదిరింపు వస్తే మెసేజ్‌లు చెరపకుండా ఉంచి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. రాత్రిళ్లు ఇంట్లో అందరి ఫోన్లూ, మీదీ వాళ్ల నాన్నగారిదీ సహా, హాల్లో పెట్టే పద్ధతి చేసుకోండి.

ముక్కు గురించి కూడా ఒక మాట. సెల్ఫీలో కెమెరా ముఖానికి చాలా దగ్గరగా ఉంటుంది కాబట్టి, చెవుల కంటే ముందుకు ఉండే ముక్కు పెద్దదిగా పడుతుంది. సుమారు 30 సెంటీమీటర్ల నుంచి తీసిన ఫోటోలో ముక్కు, 5 అడుగుల నుంచి తీసినదానికంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. ఆదివారం ఇద్దరూ కలిసి చూడండి. ఒక ఫోటో చెయ్యి చాచి తనే తీసుకోవాలి, రెండోది మీరు 5 అడుగుల దూరంలో నిలబడి జూమ్ చేసి తీయండి. పక్కపక్కన పెడితే తేడా తనకే తెలుస్తుంది. ‘చూశావా, నీ ముక్కు చిన్నదే’ అని మాత్రం అనకండి. అన్నారంటే మళ్లీ మార్కుల్లోకి వెళ్లిపోయినట్టే.

ఇంతవరకూ ఇంట్లో చేయగలిగినవి. కానీ ముక్కో రంగో, ఏదో ఒక్కదాని గురించే రోజుకు గంటకు మించి మథనపడుతోందా? పదేపదే అద్దం చూసుకోవడం, లేదా అద్దమే చూడకపోవడం, ముఖం చున్నీతో కప్పుకోవడం, మొటిమలు గిల్లుకోవడం, స్కూల్ మానేయడం ఉన్నాయా? ఉంటే అది తన రూపం గురించి మనసుకు పట్టుకునే ఒక జబ్బు కావచ్చు, తరచూ ఈ వయసులోనే మొదలవుతుంది. దానికి ఆలోచనల తీరును మార్చే కౌన్సెలింగ్ ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. ముక్కు ఆపరేషన్ వల్ల ఆ బాధ సాధారణంగా తగ్గదు. తెల్లబడటానికి ఏదైనా క్రీము రాస్తోందేమో కూడా చూడండి. డాక్టర్ చీటీ లేకుండా కొనే కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. దాంతో చర్మం పలచబడి మొటిమలు ఇంకా పెరుగుతాయి.

వరుసగా భోజనం మానేసి బరువు తగ్గుతున్నా, నెలసరి ఆగినా వెంటనే డాక్టర్‌కు చూపించండి. చనిపోవాలనుంది అని ఒక్కసారి అన్నా ఆమెను ఒంటరిగా వదలకుండా, అదే రోజు దగ్గర్లోని మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. విశాఖ చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి కూడా ఉంది. మానసిక ఆరోగ్యం కోసం ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబర్ 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. అమ్మాయి మాట్లాడనంటే ముందు మీరే చేసి, ఇక్కడ నాకు రాసినట్టే వాళ్లకూ చెప్పండి.