ప్రత్యక్ష సాక్షి లేని ఫిర్యాదుపై కమిటీ నివేదిక

"విజయనగరం దగ్గర జూట్ మిల్లులో అంతర్గత కమిటీ సభ్యురాలినండి. సూపర్‌వైజర్ గోదాములో తన చెయ్యి పట్టుకున్నాడని ఒక కార్మికురాలి ఫిర్యాదు. చూసినవాళ్లు లేరు. 'రుజువు కాలేదు' అని రాసేయాలా?"

అలా రాయనవసరం లేదండి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కింద జరిగే ఈ విచారణకు క్రిమినల్ కోర్టు కోరేంత రుజువు అక్కరలేదు. జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందని ఆధారాలు చూపితే చాలు.

ప్రతి ఆరోపణ కింద ఆమె మాట, అతని జవాబు, ఆధారం, మీ నిర్ణయం, దానికి కారణం వరుసగా రాయండి. ఉదాహరణకు, తాను ఆ పూట గోదాముకే వెళ్లలేదని అతను చెప్పగా, గోదాము రిజిస్టరులో అతని సంతకం కనిపించి, ఆ సాయంత్రమే ఆమె తనకు చెప్పుకుందని తోటి కార్మికురాలు వాంగ్మూలం ఇచ్చిందనుకుందాం. అప్పుడు ఈ రెండింటి వల్ల ఆమె మాటే నమ్మదగినదని తేల్చవచ్చు. అయితే ఆ రిజిస్టరు నకలును, వాంగ్మూలాన్ని అతనికి చూపి జవాబు తీసుకున్నట్టు నమోదు చేయకపోతే, నివేదిక అప్పీలులో నిలవడం కష్టం. నా దృష్టిలో చాలా నివేదికలు దెబ్బతినేది ఇక్కడే.

సిఫారసులో "తగిన చర్య తీసుకోవాలి" అని వదిలేయకుండా, మీ సర్వీసు నిబంధనల ప్రకారం లిఖితపూర్వక క్షమాపణో, ఇంక్రిమెంటు నిలిపివేతో స్పష్టంగా పేర్కొనండి. ఒకవేళ ఆధారాలు చాలకపోయినా, నిరూపించలేకపోవడం తప్పుడు ఫిర్యాదు చేయడంతో సమానం కాదు కాబట్టి ఆమెపై చర్య సూచించకూడదు. విచారణ ముగిసిన 10 రోజుల్లోగా నివేదికను యాజమాన్యానికి అందించి, ఇరుపక్షాలకూ అందుబాటులో ఉంచండి; సిఫారసులపై యాజమాన్యం 60 రోజుల్లోగా చర్య తీసుకోవాలి.