ఇరవై లక్షల సంగతి సరే, ముందు విజయవాడ పార్సిల్ ఆపు

అమ్మాయ్,

రాత్రి ఫోన్‌లో సగం చెప్పి సగం మింగేశాను, మీ పెదనాన్న పక్కన టీవీ పెట్టుకుని కూర్చున్నాడు, నాకూ సరిగ్గా వినపడలేదు. అందుకే రాస్తున్నా. పిల్లల పట్టులంగాలు ఆన్‌లైన్‌లో పెడదామనుకుంటున్నావు, జీఎస్టీ నంబరు లేకపోతే పెట్టనివ్వరని ఒకళ్లు, ఏడాది అమ్మకం ఇరవై లక్షలు దాటేదాకా ఏమీ అక్కర్లేదని ఇంకొకళ్లు చెప్పారన్నావు. ఇద్దరూ సగం సగమే చెప్పారు.

మొదటావిడ చెప్పింది పాత మాట. నేను మొదలుపెట్టిన రోజుల్లో అంతే ఉండేది. ఆన్‌లైన్ మార్కెట్‌లో వస్తువు అమ్మాలంటే ఏడాదికి పదివేల రూపాయల అమ్మకమున్నా సరే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది 2023 అక్టోబర్ 1 నుంచి మారింది. ఇప్పుడు పరిమితి లోపల అమ్మే చిన్నవాళ్లు జీఎస్టీ నంబరు లేకుండానే మార్కెట్ యాప్‌లో అమ్ముకోవచ్చు, కాకపోతే దానికి బదులు ఎన్‌రోల్‌మెంట్ నంబరు అని ఒకటి తీసుకోవాలి. మీషో లాంటి వాటిలో దాంతో ఖాతా తెరుచుకుంటుంది. కొన్ని కంపెనీలు మాత్రం చట్టం ఒప్పుకున్నా జీఎస్టీ నంబరే కావాలంటాయి, అది వాళ్లిష్టం, కాబట్టి ఏ యాప్‌లో పెట్టాలో ముందు అనుకో.

రెండో ఆవిడ చెప్పిన ఇరవై లక్షలు నిజమే, నువ్వు ఖమ్మంలో ఉన్నావు కాబట్టి. మన తెలంగాణలో వస్తువులకైనా సేవలకైనా ఇరవై లక్షలే. వస్తువులకు నలభై లక్షలు అని యూట్యూబ్‌లో వినపడేది వేరే రాష్ట్రాల సంగతి, 2019లో ఆ పరిమితి పెంచినప్పుడు తెలంగాణ అందులో చేరలేదు. నువ్వు నలభై అనుకుని కూర్చుంటే మునుగుతావు.

కానీ అమ్మాయ్, నీ విషయంలో అసలు చిక్కు ఇరవై లక్షలు కాదు. నువ్వు మాటల్లో "విజయవాడ పిన్నివాళ్ల అపార్ట్‌మెంట్ నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు వస్తున్నాయి, కొరియర్ చేస్తున్నా" అన్నావు చూడు, నాకు అక్కడ గుండె ఆగింది. విజయవాడ మనకు పక్కూరే, పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు, కానీ జీఎస్టీ లెక్కలో అది వేరే రాష్ట్రం. రిజిస్ట్రేషన్ లేనివాళ్లు వస్తువును వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. అమ్మితే ఇరవై లక్షల పరిమితి నీకు వర్తించదు, ఒక్క లంగా అమ్మినా రిజిస్ట్రేషన్ తప్పనిసరి అవుతుంది. ఎన్‌రోల్‌మెంట్ నంబరుకు కూడా మొదటి షరతు అదే, రాష్ట్రం దాటి ఏ అమ్మకమూ ఉండకూడదు. యాప్‌లో ఒక్కటే కాదు, వాట్సాప్‌లో, ఇన్‌స్టాగ్రామ్‌లో, ఎక్కడైనా సరే. యాప్ వాళ్లు నీ సరుకును తెలంగాణ అడ్రసులకే చూపిస్తారు, అక్కడ నువ్వు తప్పు చేయాలన్నా చేయలేవు. వాట్సాప్‌కు అలా అడ్డుకట్ట వేసేవాళ్లెవరూ లేరు, అక్కడ నువ్వే చూసుకోవాలి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. హైదరాబాద్‌లో ఉన్న కస్టమర్ డబ్బు కట్టి "మా అక్క కూతురికి గుంటూరు పంపండి" అంటే అది హైదరాబాద్ అమ్మకం కాదు, సరుకు చేరే అడ్రసు గుంటూరు కాబట్టి ఆంధ్రా అమ్మకమే. అదే విజయవాడ ఆవిడ మీ ఇంటికొచ్చి, చూసుకుని, డబ్బిచ్చి చేత్తో పట్టుకెళ్తే, బిల్లు మీద ఆవిడ అడ్రసు రాయకపోతే, అది ఇక్కడి అమ్మకమే, ఇబ్బంది లేదు. ఇక అమెరికాలో ఉన్న మీ వదిన స్నేహితురాళ్లకు పంపడం అంటావా, ఎగుమతిని కూడా రాష్ట్రం దాటిన అమ్మకం కిందే లెక్కేస్తారు. వదినకు ఊరికే పంపితే అమ్మకం కాదు కానీ ఆమె ద్వారా నలుగురికి డబ్బు తీసుకుని పంపితే అది వ్యాపారమే.

ఇప్పుడు ఇరవై లక్షల లెక్క ఎలా వేయాలో చెప్తా, ఎందుకంటే నువ్వు "బ్యాంకులో పడ్డది చూస్తే ఐదు లక్షలు కూడా లేదు పెద్దమ్మా" అన్నావు. బ్యాంకులో పడ్డది కాదు చూడాల్సింది. యాప్ వాడు కమీషను, షిప్పింగు కోసుకుని మిగిలింది వేస్తాడు, లెక్కలోకి వచ్చేది కస్టమర్ కట్టిన పూర్తి ధర. లాభం కూడా కాదు, అమ్మకం. పైగా నీ పాన్ మీద జరిగే అన్ని అమ్మకాలూ కలపాలి, ఏ యాప్‌కు ఆ యాప్ వేరుగా కాదు. ఏప్రిల్ నుంచి మార్చి దాకా.

నీలాంటి ఇంటి లెక్క ఒకటి వేసి చూపిస్తా. యాప్‌లో ఏడాది ఆర్డర్ల ధరలన్నీ కలిపి 6,40,000 అనుకో, బ్యాంకులో పడ్డది 4,90,000 అయినా సరే 6,40,000 రాయాలి. ఖమ్మంలో, హైదరాబాద్‌లో వాట్సాప్ మీద అమ్మింది 3,80,000. వీధిలో వాళ్లకు జాకెట్లు కుట్టిన కూలి 2,40,000, ఇది సేవ, అయినా కలపాలి. లంగాలకు జతగా అమ్మే గాజుగాజులు 1,10,000. గాజులకు పన్ను లేదు కదా అంటావు, నిజమే, సున్నా, కానీ పన్ను లేని సరుకు కూడా ఈ ఇరవై లక్షల్లోకి వస్తుంది, చాలామంది ఇక్కడే తప్పేస్తారు. పైపోర్షన్ నీ పేరు మీద ఉండి నెలకు ఎనిమిది వేలు అద్దె వస్తుంటే అదో 96,000, మామగారి పేరు మీద ఉంటే అక్కర్లేదు. మొత్తం 14,66,000. అంటే నీ మనసులో ఐదు లక్షలు, కాగితం మీద పద్నాలుగున్నర పైనే. ఇంకా 5,34,000 చోటుంది. మీ ఆయన జీతం ఇందులో కలవదు, ఆయన పాన్ వేరు, జీతం అసలు అమ్మకమే కాదు.

దాటితే ఏం చేయాలి? దాటిన రోజు నుంచి 30 రోజుల్లో అప్లై చేయాలి. సంక్రాంతి సీజన్‌లో జనవరి 10న దాటావనుకో, ఫిబ్రవరి 9 లోపల పెట్టేయి, అప్పుడు రిజిస్ట్రేషన్ జనవరి 10 నుంచే లెక్క. ఆలస్యం చేస్తే రిజిస్ట్రేషన్ వచ్చిన రోజు నుంచే చెల్లుతుంది, మధ్యలో అమ్మినదానికి పన్ను మాత్రం నీ చేతి నుంచి కట్టాలి, గుడ్డ కొన్నప్పుడు కట్టిన పన్ను తీసుకోవడానికీ ఉండదు, జరిమానా వేరే. అందుకే పద్దెనిమిది లక్షల దగ్గరే మేలుకో. మీ ఆయన పేరు మీద ఇంకో ఖాతా తెరిచి సగం అటు తిప్పుదాం అనే ఆలోచన కూడా రానీకు, అదే మిషను, అదే ఇల్లు, అదే నువ్వు అయితే ఎవరినీ నమ్మించలేవు.

ఎన్‌రోల్‌మెంట్ గురించి. జీఎస్టీ సైట్ `www.gst.gov.in` లో `Services`, దాని కింద `User Services`, అందులో `Generate User ID for Unregistered Applicant` అని ఉంటుంది. ఈ-కామర్స్ ద్వారా అమ్మడానికి అన్న కారణం ఎంచుకుని పాన్, పాన్ మీద ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా పేరు, ఫోను, ఈమెయిలు, ఇంటి అడ్రసు, రాష్ట్రం ఇవ్వాలి. ఓటీపీలు వస్తాయి. నీ పాన్ మీద పెళ్లికి ముందు ఇంటిపేరే ఉంది కదా, అదే కొట్టు, అత్తగారింటి పేరు కొడితే సరిపోలక వెనక్కి పోతుంది. పైసా ఖర్చు లేదు, వెయ్యి ఇస్తే చేసిపెడతాం అనేవాళ్లకు ఇవ్వకు. నంబరు చేతికి వచ్చాకే యాప్‌లో మొదటి ఆర్డరు, ముందు కాదు. ఒక రాష్ట్రంలో ఒక్కటే నంబరు, ఇంకో రాష్ట్రంలో అమ్మడానికి వీల్లేదు. రేపు నువ్వు జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకున్న రోజు నుంచి ఇది చెల్లదు.

ఈ నంబరుతో అమ్మినన్నాళ్లు బిల్లు మీద జీఎస్టీ అని ఒక్క రూపాయి కూడా విడిగా వేయకు, రిజిస్ట్రేషన్ లేకుండా పన్ను వసూలు చేయడం తప్పు. ఎవరో తెలిసినవాళ్ల జీఎస్టీ నంబరు పెట్టి అమ్మడమూ వద్దు, నీ అమ్మకం వాళ్ల లెక్కలో పడి రెండు ఇళ్లకూ తగువు. యాప్ వాళ్లు నీ అమ్మకాలన్నీ నెలనెలా జీఎస్టీ శాఖకు పంపుతారు, అది గుర్తుంచుకో. 2025 జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న చిన్న కొట్ల వాళ్లకు కూడా నోటీసులు పంపారు, అందుకని వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ పెట్టుకో. చిట్టీ డబ్బులు, మీ తమ్ముడు తిరిగిచ్చిన అప్పు, అమ్మకం అన్నీ ఒకే ఖాతాలో కలిస్తే ఏది ఏదో రేపు నువ్వే చెప్పలేవు.

మరి విజయవాడ ఆర్డర్లు వదులుకోవాలా అని అడుగుతావు. నా లెక్క ఇది. 800 రూపాయల లంగాలో ఐదు శాతం పన్ను కలిసే ఉందనుకుంటే అది 38 రూపాయలు. నువ్వు 400 పెట్టి కొన్న గుడ్డ మీద ఐదు శాతం అంటే 20 కట్టి ఉంటావు, బిల్లు ఉంటే అది పోను చేతి నుంచి పోయేది 18. కాబట్టి భారం పన్ను కాదు, అమ్మకాల లెక్క శాఖకు చూపే రిటర్నులు. మూడు నెలలకోసారి వేసే పద్ధతి ఉంది, అయినా అమ్మకం సున్నా ఉన్నా వేయాలి, మానేస్తే సున్నా రిటర్నుకు కూడా రోజుకు 20 రూపాయల లేటు ఫీజు. నేనే ఆ గోతిలో పడ్డాను. మోకాళ్ల ఆపరేషన్‌కు ముందు అమ్మకాలు ఆపేశాను, నంబరు క్యాన్సిల్ చేయించాలని తోచలేదు, అకౌంటెంటు కూడా చెప్పలేదు, అమ్మకం లేకపోతే రిటర్నెందుకు అనుకున్నా. తర్వాత చూసుకుంటే ఒక్కో రిటర్నుకు ఐదేసి వందలు. ఒక్క లంగా అమ్మకుండా కట్టిన డబ్బు అది, మీ పెదనాన్న ఇప్పటికీ దెప్పుతాడు.

కాబట్టి ఆంధ్రా నుంచి నెలకు రెండు మూడు ఆర్డర్లే అయితే వదిలెయ్, ఎన్‌రోల్‌మెంట్‌తో తెలంగాణలో ఒక ఏడాది అమ్ము. నెలకు ఇరవై ముప్పై వస్తుంటే ఇరవై లక్షల కోసం ఎదురుచూడకుండా ఇప్పుడే రిజిస్ట్రేషన్ తీసుకో, పాన్, ఆధార్, ఫోటో, కరెంటు బిల్లు, ఇల్లు మామగారిది కాబట్టి ఆయన ఒప్పుకున్నట్టు కాగితం కావాలి. అకౌంటెంటును నెలకెంత అని ముందే అడుగు.

ఇప్పటిదాకా విజయవాడకు ఎన్ని పంపావో కొరియర్ రసీదులు తీసి తేదీ, ధర రాసి ఉంచు, దాచేయకు. ఆదివారం నేను వస్తున్నా, ఆ కాగితాలు పట్టుకుని మా అకౌంటెంటు దగ్గరికి ఇద్దరం వెళ్దాం, అప్పటిదాకా ఆ రాష్ట్రానికి ఒక్క పార్సిల్ కూడా కట్టకు.

మీ పెద్దమ్మ