జవాబు మన తలలోది కాదు, ఆ రెండు లైన్లలోది

ప్రశ్న: స్టేట్‌మెంట్ అండ్ కంక్లూజన్ ప్రశ్నల్లో లాజిక్ కరెక్టే అనిపిస్తుంది కానీ కీ చూస్తే తప్పు అంటోంది, ఎక్కడ పోతోంది?

నన్నడిగితే ఈ టాపిక్‌లో బాగా తెలిసినవాళ్ళకే ఎక్కువ మార్కులు పోతాయి. అశోక్‌నగర్‌లో రూమ్‌లో ఉన్నప్పుడు మా రూమ్మేట్ ఒకడు అగ్రికల్చర్ బీఎస్సీ, రీజనింగ్‌లో మిగతావన్నీ చకచకా చేసేవాడు, ఇక్కడే దెబ్బ తినేవాడు. ఒకరోజు మాక్ టెస్టులో స్టేట్‌మెంట్ ఇలా ఇచ్చారు: ఈ జిల్లాలో డ్రిప్ వేసిన రైతులందరికీ ఈ ఏడాది దిగుబడి పెరిగింది. ఒకటో కంక్లూజన్, డ్రిప్ వల్లే దిగుబడి పెరిగింది. రెండోది, జిల్లాలో ఈ ఏడాది దిగుబడి పెరగని రైతు ఎవరైనా ఉంటే అతను డ్రిప్ వేయలేదు.

మావాడు ఒకటోది పెట్టాడు. కాదురా అంటే అరగంట క్లాసు పీకాడు, వేరు దగ్గర తేమ నిలుస్తుంది, ఎరువు వృథా కాదు, నేను పొలంలో కళ్ళారా చూశాను అని. చూసే ఉంటాడు, కానీ అది పేపర్లో లేదు కదా!

నేను చేసేది ఒకటే. స్టేట్‌మెంట్ నిజంగానే ఉండి కంక్లూజన్ మాత్రం అబద్ధమయ్యే కథ ఒకటి అల్లడానికి ట్రై చేస్తా, కథ కుదిరితే ఆ కంక్లూజన్ ఫాలో అవదు. ఆ ఏడాది వానలు బాగా పడి డ్రిప్ ఉన్నా లేకున్నా జిల్లా అంతా దిగుబడి పెరిగిందనుకోండి, స్టేట్‌మెంట్ చెక్కుచెదరలేదు, ఒకటోది పడిపోయింది. రెండోదానికి కథ అల్లాలంటే డ్రిప్ వేసి కూడా దిగుబడి పెరగని రైతు కావాలి, అతన్ని తెచ్చామంటే స్టేట్‌మెంటే అబద్ధమైపోతుంది, అంటే కథ కుదరదు. కాబట్టి రెండోది మాత్రమే ఫాలో అవుతుంది. చదవడానికి తిరకాసుగా ఉందని మనవాళ్ళు ముందు దాన్నే కొట్టేస్తారు.

అన్నట్టు, బజార్లో దొరికే కొన్ని గైడ్ల కీలు కూడా మావాడిలాగే ఆలోచిస్తాయి, లోకజ్ఞానం ప్రకారం కరెక్టయితే చాలు ఫాలోస్ అని వేసేస్తారు, పైగా అజంప్షన్ ప్రశ్నల్ని ఇదే చాప్టర్లో కలిపేస్తారు. అక్కడ వెతకాల్సింది స్టేట్‌మెంట్ చెప్పేవాడు పైకి అనకుండా మనసులో ముందే అనుకున్నది, పూర్తిగా వేరే పని. అందుకే కీతో తేడా వచ్చిన ప్రతిసారీ తప్పు మీదే అని ఫిక్స్ అవ్వకండి, పాత పేపర్ల అఫీషియల్ కీతో చూసుకోండి.

ఇక 'ఐదర్' ఆప్షన్. పై స్టేట్‌మెంట్ కిందే, డ్రిప్ వేయనివాళ్ళలో కొందరికి పెరిగింది అని ఒకటి, వాళ్ళలో ఎవరికీ పెరగలేదు అని ఇంకొకటి ఇచ్చారనుకోండి. వాళ్ళ గురించి స్టేట్‌మెంట్ ఏమీ చెప్పలేదు కాబట్టి విడివిడిగా రెండూ ఫాలో అవవు, కానీ రెండిట్లో ఏదో ఒకటి నిజమై తీరాలి, అలాంటప్పుడే ఐదర్ పెట్టాలి. అదే 'అందరికీ పెరిగింది', 'ఎవరికీ పెరగలేదు' అని ఇస్తే ఐదర్ కాదు, మధ్యలో కొందరికే పెరిగి ఉండొచ్చు, దానికి నైదర్ పెట్టాలి.