బోర్డు మార్చేస్తే మీ చేతిలో ఏం మిగులుతుంది?

ప్రశ్న: మాది గుంటూరులో 14 ఏళ్లుగా నడుస్తున్న నాటుకోడి పలావు హోటల్. నాన్నగారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేను, తమ్ముడు చూసుకుంటున్నాం. విజయవాడ నుంచి ఒకరు, ఒంగోలు నుంచి ఒకరు వచ్చి ‘మీ పేరుతో బ్రాంచి పెడతాం, పది లక్షలు ఇస్తాం’ అంటున్నారు. రెండేళ్లు పని నేర్చుకుని, బోర్డు మార్చేసి అదే పలావు అమ్ముకుంటారేమో అని మా టెన్షన్. ‘విడిపోయాక ఐదేళ్లు ఇలాంటి హోటల్ పెట్టకూడదు’ అని అగ్రిమెంటులో రాయించుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 27వ సెక్షన్ ప్రకారం, ఒకరిని చట్టబద్ధమైన వ్యాపారం చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఐదేళ్లు అని రాసినా ఒక్క ఏడాది అని రాసినా, ఒప్పందం ముగిశాక ఆ షరతును కోర్టు అమలు చేయించదు. ఒప్పందం నడుస్తున్న కాలానికి మాత్రం ఈ ఇబ్బంది లేదు. గుజరాత్ బాట్లింగ్ కంపెనీకి, కోకాకోలాకి మధ్య వచ్చిన కేసులో 1995లో సుప్రీంకోర్టు ఇలాంటి షరతునే సమర్థించింది. అంటే మీ బోర్డు పెట్టుకున్నన్నాళ్లూ ‘వేరే పలావు హోటల్ నడపకూడదు’ అనే షరతు పెట్టవచ్చు. బోర్డు దింపిన మర్నాటి నుంచి అతను పలావు వండుకోకుండా ఆపలేరు.

కాబట్టి నిషేధాన్ని నమ్ముకోకుండా, అతను వెళ్లిపోతే పట్టుకుపోలేనివి ఏమిటో చూసుకుని వాటి చుట్టూ ఒప్పందం కట్టాలి. మీ వరకు అవి మూడు: పేరు, మసాలా, షాపు చోటు.

ముందు పేరు సంగతి. అది రిజిస్టర్ అయి ఉందా, ఎవరి పేరున ఉందో మీరు రాయలేదు. లేకపోతే ట్రేడ్ మార్క్ దరఖాస్తు వేశాకే మిగతా మాటలు. హోటల్ సేవలకు 43వ క్లాసు. మసాలా పొడి కూడా మీ పేరుతో పంపుతారు కాబట్టి 30వ క్లాసు కూడా కావాలి. వ్యక్తులు ఆన్‌లైన్లో వేస్తే ఒక్కో క్లాసుకు ప్రభుత్వ ఫీజు 4,500 రూపాయలు. ‘గుంటూరు నాటుకోడి పలావు’ లాంటి పేరైతే అది ఊరి పేరూ వంటకం పేరే కాబట్టి దాదాపు ఖాయంగా అభ్యంతరం వస్తుంది. మిమ్మల్ని గుర్తుపట్టించే మాట, నాన్నగారి పేరో ఇంటిపేరో, అందులో ఉండాలి. దరఖాస్తును ట్రేడ్ మార్క్ జర్నల్లో వేశాక నాలుగు నెలలు ఎవరైనా అడ్డు చెప్పవచ్చు కాబట్టి ఇది వెంటనే తేలే పని కాదు. రిజిస్ట్రేషన్ వచ్చేదాకా బోర్డు మీద ® గుర్తు వేయకండి, అది నేరం. టీఎమ్ అని వేసుకోవచ్చు.

పేరు నాన్నగారి సొంతంగా ఉంటే రేపు అన్నదమ్ములిద్దరూ కలిసి సంతకం పెడితే తప్ప ఏ పనీ జరగదు. ఇప్పుడు మీ మధ్య పొరపొచ్చాలు లేకపోయినా, మీ ముగ్గురితో ఒక ఎల్‌ఎల్‌పీ గానీ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ గానీ పెట్టి పేరును దానికి బదలాయించండి. ఫ్రాంచైజీ ఇచ్చేది ఆ సంస్థే.

అసలు తాళంచెవి మసాలా. వంట విధానానికి కాపీరైటు రక్షణ ఆశించవద్దు. రహస్యం కాపాడాలనే షరతు తప్పక రాయించుకోవాలి, కానీ రహస్యం బయటికి పోయిందని రుజువు చేయడం కష్టం. అందుకే కొలతలు అతనికి చెప్పకండి. మసాలా మిశ్రమాన్ని గుంటూరులోనే కలిపి, ప్యాకెట్లు చేసి పంపండి. మసాలా మీ దగ్గరే కొనాలని ఒప్పందంలో ఉండాలి. తయారుచేసే చోటుకు విడిగా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు కావాలి. అతని హోటల్‌కు అతని పేరున వేరే లైసెన్సు.

మసాలా వల్ల ఇంకో లాభం ఉంది. అమ్మకాలు తక్కువ చూపించి రాయల్టీ ఎగ్గొట్టడం ఈ వ్యాపారంలో మామూలే. కిలో మసాలాకి మీ వంటవాళ్లు వంద ప్లేట్లు తీస్తారనుకుందాం. అతను నెలకు 60 కిలోలు తెప్పించుకుని 4,500 ప్లేట్ల బిల్లులే చూపిస్తే, మిగతా 1,500 ఎటు పోయాయని అడగవచ్చు. లేదా బయటి మసాలా కలుపుతుంటే మీ దగ్గర కొనే కిలోలు తగ్గి అమ్మకాలు మాత్రం అలాగే ఉంటాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లాగిన్ మీ చేతిలో కూడా ఉండేలా రాయించుకోండి.

ఇది పన్నులోనూ కలిసొస్తుంది. రాయల్టీ మీద 18 శాతం జీఎస్టీ. మామూలు హోటళ్లు ఐదు శాతం జీఎస్టీ వసూలు చేస్తాయి కానీ తాము కట్టిన పన్నుకు క్రెడిట్ తీసుకోలేవు. అతనికి నెలకు 12 లక్షల అమ్మకం ఉండి, మీరు ఐదు శాతం రాయల్టీ అడిగితే 60,000 అవుతుంది. దాని మీద జీఎస్టీ 10,800. అతని జేబులోంచి పోయేది 70,800, మీకు మిగిలేది 60,000. రాయల్టీని మూడు శాతానికి తగ్గించి మిగతాది మసాలా ధరలో చూసుకుంటే అతని మీద పన్ను భారం తగ్గుతుంది, మసాలా పొడుల మీద జీఎస్టీ ఐదు శాతమే. మీరిప్పుడు కాంపోజిషన్ స్కీములో ఉంటే కొత్త సంస్థ పెట్టేముందే ఆడిటర్‌ని కలవండి.

రాయల్టీ అమ్మకాల మీద వేయండి, లాభం మీద వద్దు. లాభాన్ని ఎలాగైనా తగ్గించి చూపవచ్చు. పైగా లాభంలో వాటా అంటే రేపు అతని అప్పులవాళ్లు ‘మీరూ భాగస్తులే’ అని మీ మీదికి రావచ్చు. అమ్మకం అంటే ఏమిటో కూడా రాయాలి. స్విగ్గీ, జొమాటో కమీషన్ తీయకముందు మొత్తమా, తీశాకనా? చాలా గొడవలు ఇక్కడే మొదలవుతాయి.

పది లక్షలూ ఫీజుగా తీసుకోకండి. ఆరు లక్షలు ఫీజు, నాలుగు లక్షలు వడ్డీ లేని సెక్యూరిటీ డిపాజిట్ అనుకోండి. ఫీజుకు 18 శాతం జీఎస్టీ, అంటే 1,08,000, విడిగా ఉంటుంది. డిపాజిట్‌ను బాకీల్లో జమ చేసుకుంటే తప్ప దానికి జీఎస్టీ ఉండదు. విడిపోయినప్పుడు అతను బోర్డు, మెనూ కార్డులు తీసేసి, మిగిలిన మసాలా అప్పగించాకే డిపాజిట్ తిరిగిస్తామని రాయండి. ‘బోర్డు తీయకపోతే 50 లక్షలు’ లాంటి జరిమానాలు భయపెట్టడానికే. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద కోర్టు సమంజసమనుకున్నంతే ఇప్పిస్తుంది, రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే.

ఇక షాపు. కస్టమర్లు పేరుతో పాటు చోటుకీ అలవాటు పడతారు. మంచి సెంటర్లో ఉంటే లీజు మీ సంస్థ పేరున తీసుకుని అతనికి నడుపుకోనివ్వండి. అంత అద్దె బాధ్యత వద్దనుకుంటే బిల్డింగ్ ఓనరుతో కలిపి ముగ్గురి మధ్య ఒప్పందం రాయించండి. ఫ్రాంచైజీ రద్దయితే అదే లీజులో అతని స్థానంలోకి మీరు వచ్చే హక్కు అందులో ఉండాలి. ఆర్డర్లు తీసుకునే ఫోన్ నంబరు, డెలివరీ యాప్‌లలో పేజీ, గూగుల్ మ్యాప్స్‌లో హోటల్ ఎంట్రీ కూడా మీ లాగిన్లతోనే తెరవండి. నా దగ్గరకు వచ్చిన ఒక క్లయింటు బోర్డు దింపించగలిగాడు కానీ ఫోన్ నంబరు అవతలివాళ్లదే. ఆర్డర్లన్నీ ఆ నంబరుకే పోయాయి.

ఇంకొక మాట. ‘పెట్టుబడి మాది, నడిపేది మీరే, నెలకింత గ్యారంటీగా ఇవ్వండి’ అని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. అలా పదిమంది దగ్గర తీసుకుంటే 2019 నాటి అనధికార డిపాజిట్ పథకాల నిషేధ చట్టం కింద క్రిమినల్ కేసుకు దారి తీయవచ్చు.

ఇద్దరిలో ముందు విజయవాడ వాళ్లతోనే మొదలుపెట్టండి. గంటన్నరలో వెళ్లి వంటగది చూసి రావచ్చు, మసాలా అయిపోతే అదే రోజు పంపవచ్చు. ఒంగోలు వాళ్లకు ఏడాది ఆగమని చెప్పండి. ఈలోగా వాళ్ల దగ్గర అడ్వాన్సు మాత్రం పుచ్చుకోకండి.